మంచి పేరుకు మళ్లీ మార్కులా? తెలుగు శాఖల అంతర్గత మూల్యాంకనంలో పరివేష దోషం

వ్యాస సంగ్రహం

విద్యార్థి ఇంతకు ముందు చేసిన మంచి పని, అదే జవాబుపత్రంలో అతడు మొదట రాసిన మంచి జవాబు, తర్వాతి జవాబుల విలువను మార్చివేస్తాయి. మనస్తత్వశాస్త్రంలో దీనిని 'హాలో ఎఫెక్ట్' అంటారు. ఈ వ్యాసంలో దానికి పరివేష ప్రభావం అనే పేరు వాడటం జరిగింది. అధ్యాపకుడి అనుభవం, నిజాయితీ, విచక్షణ ఈ దోషాన్ని తొలగించలేవనీ, దిద్దే పద్ధతిని మార్చడం ఒక్కటే దానిని తగ్గిస్తుందనీ ఈ వ్యాసం వాదిస్తుంది. తెలుగు ఎం.ఏ. అంతర్గత పరీక్షను ఉదాహరణగా తీసుకొని, ఆచరణకు వీలైన క్రమాన్నీ దాని పరిమితులనూ వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

చంద్రుడి చుట్టూ కనిపించే వెలుగు వలయాన్ని పల్లెల్లో వరదగుడి అంటారు. ఆ వెలుగు వలయానిది కాదు, చంద్రుడిదే. అయినా చూసేవారికి ఆ ప్రదేశమంతా వెలిగినట్లే కనిపిస్తుంది. జవాబుపత్రాలు దిద్దేవారి దృష్టిలోనూ ఇలాంటి వలయం ఒకటి ఏర్పడుతుంది. ఒక విద్యార్థి సెమినార్‌లో చక్కగా మాట్లాడాడు. ఆ వెలుగు రెండు వారాల తర్వాత అతడు రాసిన ఛందస్సు జవాబు మీద పడుతుంది. మరొక విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో తడబడ్డాడు. ఆ నీడ మూడో సెమిస్టర్‌లో అతడు రాసిన విమర్శ వ్యాసం మీద కూడా ఉంటుంది.

ఇది పక్షపాతం కాదు. పక్షపాతం ఉన్నవారికి ఎవరివైపు మొగ్గుతున్నామో తెలుస్తుంది. ఇక్కడ దిద్దేవారికి అది తెలియదు. తాము జవాబును మాత్రమే చదువుతున్నామని వారు చిత్తశుద్ధితోనే నమ్ముతారు. ఈ కారణం చేతనే 'నిష్పక్షపాతంగా దిద్దండి' అనే సలహా నిరుపయోగం. శాఖల సమావేశాలలో ఏటా ఆ సలహానే వల్లించి, పద్ధతిని మాత్రం యథాతథంగా ఉంచడం సమస్యను తప్పించుకోవడమే అవుతుంది.

పరిశోధనలు తేల్చిన విషయం

ఈ దోషానికి పేరు పెట్టినవాడు అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్. 1920లో ప్రకటించిన వ్యాసంలో, సైన్యంలో పై అధికారులు తమ కింది వారికి ఇచ్చిన అంచనాలను ఆయన పరిశీలించాడు. శరీర దార్ఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం వంటి గుణాలకు అధికారులు విడివిడిగా అంకెలు వేయాలి. కానీ ఆ అంకెలు ఒకదానితో ఒకటి కలవవలసిన దానికంటే ఎక్కువగా కలిశాయి. ఒక గుణంలో ఎక్కువ అంకె పొందినవాడికి సంబంధం లేని గుణంలోనూ ఎక్కువే వచ్చింది. మనిషి మొత్తం మీద మంచివాడా, కాడా అన్న ఒక్క అభిప్రాయమే గుణాలన్నిటికీ రంగు పులిమిందని ఆయన తేల్చాడు.

ఇందులో ప్రస్తుత చర్చకు అవసరమైన అంశం ఒకటి ఉంది. ఆ అధికారులకు గుణాల జాబితా ముందే ఇచ్చారు. ప్రతి గుణానికీ వేరుగా అంకె వేయమన్నారు. అయినా దోషం పోలేదు. జవాబును 'విషయం, విశ్లేషణ, ఉదాహరణ, భాష' అని విభజించి మార్కులు పంచితే సమస్య తీరిపోతుందనుకునేవారు దీనిని గమనించాలి. ఒక విద్యార్థి పత్రాన్ని ముందు పెట్టుకొని నాలుగు గడులూ ఒకే ఊపులో నింపితే, ఒకే అభిప్రాయం నాలుగుసార్లు నమోదవుతుంది.

రిచర్డ్ నిస్బెట్, తిమొతీ విల్సన్ 1977లో ప్రకటించిన ప్రయోగం ఇంకొంత ముందుకు వెళ్లింది. ఐరోపా యాసతో ఇంగ్లీషు మాట్లాడే ఒక అధ్యాపకుడి ఇంటర్వ్యూను రెండు విధాలుగా చిత్రించారు. ఒకదానిలో ఆయన ఆత్మీయంగా మాట్లాడాడు, మరొకదానిలో ముభావంగా మాట్లాడాడు. మొదటిది చూసిన విద్యార్థులకు ఆయన రూపం, హావభావాలు, యాస నచ్చాయి. రెండవది చూసినవారికి అవే విసుగు కలిగించాయి. రూపమూ యాసా రెండు చిత్రాలలో ఒకటే. ఆయన మీద ఏర్పడిన ఇష్టాయిష్టాలు ఈ అభిప్రాయాలను ప్రభావితం చేశాయని విద్యార్థులు ఒప్పుకోలేదు. ముభావ చిత్రం చూసినవారైతే, రూపమూ యాసా నచ్చకపోవడం వల్లనే మనిషి నచ్చలేదని తలకిందులుగా భావించారు. దోషం ఉన్నదనడానికే కాక, ఆత్మపరిశీలనతో అది దొరకదనడానికి కూడా ఈ ప్రయోగం సాక్ష్యం.

మూల్యాంకనానికి నేరుగా సంబంధించినది 2013లో జాన్ మలూఫ్, ఆయన సహచరులు ఆస్ట్రేలియా నుంచి ప్రకటించిన ప్రయోగం. ఇందులో 159 మంది విశ్వవిద్యాలయ అధ్యాపకులు, బోధన సహాయకులు పాల్గొన్నారు. కొందరు ఒక విద్యార్థి చేసిన మంచి మౌఖిక ప్రసంగానికి మార్కులు వేశారు. కొందరు అదే విద్యార్థి చేసిన బలహీన ప్రసంగానికి వేశారు. మిగిలినవారికి ప్రసంగం చూపలేదు. తర్వాత అందరికీ ఆ విద్యార్థి రాసినదే, ప్రసంగంతో సంబంధం లేని ఒకే రాతపనిని ఇచ్చారు. మంచి ప్రసంగం చూసినవారు ఆ రాతపనికి, బలహీన ప్రసంగం చూసినవారి కంటే ఎక్కువ మార్కులు వేశారు. రాసిన అక్షరాలు ఒకటే. మారినది ముందు చూసిన దృశ్యం మాత్రమే. సెమినార్ ప్రసంగం, రాత పరీక్ష రెండింటికీ ఒకే అధ్యాపకుడు మార్కులు వేసే తెలుగు శాఖలలో సరిగ్గా ఈ పరిస్థితే ఉంది.

సాహిత్య జవాబుకు ప్రమాదం ఎందుకు ఎక్కువ?

లెక్కల జవాబులో అంకె తప్పితే తప్పినట్లు కనిపిస్తుంది. సాహిత్య జవాబు అలాంటిది కాదు. అందులో ఖాళీలు ఉంటాయి. వాటిని చదివేవాడు పూరిస్తాడు. ఏ విధంగా పూరిస్తాడన్నది విద్యార్థి మీద అతడికి ముందే ఉన్న అభిప్రాయాన్ని బట్టి ఉంటుంది.

నన్నయ అక్షరరమ్యతను సోదాహరణంగా చర్చించమని ప్రశ్న అడిగారనుకోవాలి. 'నన్నయ సందర్భానికి తగిన శబ్దాన్ని ఎన్నుకొని కథకు గాంభీర్యం తెచ్చాడు' అని ఒక విద్యార్థి రాశాడు. ఉదాహరణ ఇవ్వలేదు. ఈ వాక్యం తరగతిలో మొదటి వరుస విద్యార్థిదని తెలిస్తే, అతడికి ఉదాహరణలు తెలుసుననీ సమయం చాలక రాయలేదనీ అధ్యాపకుడు అనుకుంటాడు. దానికి సంక్షిప్తత అని పేరు పెడతాడు. అదే వాక్యం తరగతులకు సరిగా రాని విద్యార్థిదైతే, గైడులో చదివిన మాటను అప్పగించాడని అనుకుంటాడు. దానికి డొల్లతనం అని పేరు పెడతాడు. ప్రశ్న అడిగినది ఉదాహరణ. ఉదాహరణ రెండు పత్రాలలోనూ లేదు. మార్కులు మాత్రం పదికి ఏడు, పదికి నాలుగు అవుతాయి.

ఒకటే సరైన జవాబు ఉన్న ఛందస్సులో కూడా ఈ దోషం ప్రవేశిస్తుంది. ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతిస్థానం. చంపకమాలలో న, జ, భ, జ, జ, జ, ర గణాలు, పదకొండో అక్షరం యతిస్థానం. ఉత్పలమాల పాదంలోని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల వస్తుంది. అందుకే ఒక అక్షరం పెరిగి యతిస్థానం ఒకటి జరిగింది. ఇద్దరు విద్యార్థులు ఉత్పలమాలకు యతి పదకొండో అక్షరమని రాశారనుకోవాలి. మంచి పేరున్న విద్యార్థి పత్రంలో ఇది కలం జారిన తప్పు అవుతుంది. చంపకమాలతో పొరబడ్డాడు గానీ విషయం తెలుసునని అరమార్కు తగ్గుతుంది. పేరులేని విద్యార్థి పత్రంలో ఇది తెలియనితనం అవుతుంది. రెండు మార్కులు పోతాయి. రెండు పద్యాలకూ ఉన్న సంబంధం అతడికీ తెలిసి ఉండవచ్చునన్న ఊహకు అక్కడ తావే ఉండదు.

ఈ ఉదాహరణలలో అధ్యాపకుడు అబద్ధమాడటం లేదు. రెండు వ్యాఖ్యానాలూ సంభావ్యమైనవే. అయితే ఆ వ్యాఖ్యానాలకు ఆధారం జవాబులో లేదు, జవాబు వెలుపల ఉంది. విమర్శలో కవి జీవితాన్ని బట్టి పద్యానికి విలువ కట్టడం సరికాదని విద్యార్థులకు బోధించే శాఖే, విద్యార్థి చరిత్రను బట్టి జవాబుకు విలువ కట్టడం విచిత్రం.

కోడింగ్ ఉన్నది కదా అనే సమాధానం

ఈ చర్చ వచ్చినప్పుడల్లా వినిపించే సమాధానం, సెమిస్టర్ చివరి పరీక్షలలో పేరు కనబడకుండా కోడ్ సంఖ్య వేస్తారని. ఈ సమాధానం రెండు చోట్ల నిలవదు.

మొదటిది, కోడింగ్ చివరి పరీక్షకే పరిమితం. అంతర్గత పరీక్ష, అసైన్‌మెంట్, సెమినార్ మార్కులు తరగతిలో పాఠం చెప్పిన అధ్యాపకుడే పేరు చూసి వేస్తాడు. చాలా విశ్వవిద్యాలయాలలో ఈ అంతర్గత భాగం వందకు ఇరవై నుంచి నలభై మార్కుల వరకు ఉంటుంది. పిహెచ్.డి. ప్రవేశానికీ నెట్ పరీక్షకూ పి.జి.లో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం అర్హతగా ఉన్నప్పుడు, ఆ గీత దగ్గర నిలిచిన విద్యార్థి భవిష్యత్తును అంతర్గత మార్కులలోని రెండు మూడు అంకెలే తేల్చగలవు.

రెండవది ఇంకా ముఖ్యమైనది. పేరు దాచినంత మాత్రాన పత్రం లోపల పుట్టే పరివేషం ఆగదు. మొదటి జవాబే ఒక పేరు అయిపోతుంది. డేనియల్ కానమన్ 2011లో వెలువడిన తన పుస్తకంలో, అధ్యాపకుడిగా తన సొంత అనుభవాన్ని ఈ సందర్భంలోనే చెప్పాడు. ఒక విద్యార్థి జవాబులన్నీ వరుసగా దిద్దినప్పుడు, మొదటి వ్యాసానికి ఎక్కువ మార్కులు పడితే తర్వాతి వ్యాసంలోని అస్పష్టతను ఆయన ఉదారంగా చదివేవాడు. అంటే మొదటి వ్యాసం బరువు రెట్టింపు అయ్యేది. తర్వాత ఆయన పద్ధతి మార్చాడు. అందరి మొదటి జవాబులూ దిద్ది, మార్కును కంటికి కనబడని చోట వేసి, ఆ తర్వాతే అందరి రెండో జవాబులకు వెళ్లాడు. అప్పుడు ఒకే విద్యార్థి మార్కులలో ఎక్కువ తక్కువలు మునుపటి కంటే బాగా పెరిగాయి. తన తీర్పు మీద ఆయనకున్న నమ్మకం తగ్గింది. ముందున్న నమ్మకానికి ఆధారం లేదని ఆయన గ్రహించాడు. పత్రమంతా ఒకే స్థాయిలో ఉన్నట్లు తోచడం దిద్దేవాడి మనసు కల్పించిన పొందిక.

ఒక ఉదాహరణలో లెక్క

ఈ బరువు ఎంత దూరం పోగలదో చూడటానికి ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. ఇక్కడి అంకెలు సర్వేలో తేలినవి కావు, విధానం అర్థం కావడానికి వేసుకున్నవి. ముప్పై మార్కుల అంతర్గత పరీక్షలో పదేసి మార్కుల ప్రశ్నలు మూడు ఉన్నాయి. మొదటిది నన్నయ అక్షరరమ్యత, రెండవది తిక్కన నాటకీయత, మూడవది వృత్త లక్షణాలు.

మొదటి విద్యార్థి జవాబులను విడివిడిగా, ఎవరివో తెలియకుండా చదివితే 9, 6, 4 రావాలి. మొత్తం 19. రెండవ విద్యార్థి జవాబులకు 4, 6, 9 రావాలి. మొత్తం 19. ఇద్దరూ సమానులే. బలం ఉన్న చోటు మాత్రం వేరు.

ఇప్పుడు పత్రం వెంట పత్రం దిద్దే అధ్యాపకుడు మొదటి విద్యార్థికి నన్నయ మీద తొమ్మిది వేశాడు. తిక్కన జవాబులోని తడబాటును మన్నించి ఏడు వేశాడు. వృత్తాల జవాబుకు వచ్చేసరికి, ఇంత బాగా రాసినవాడికి గణాలు రాకపోవడమేమిటని, తప్పులను పొరపాట్లుగా తీసుకొని ఆరు వేశాడు. మొత్తం 22. రెండవ విద్యార్థికి మొదట నాలుగు వేశాడు. తిక్కన జవాబు అంతకు ముందు చదివిన దానితో సమానమే అయినా ఐదు వేశాడు. వృత్తాల జవాబులో లోపం దొరకలేదు కానీ, కంఠస్థం చేశాడనుకొని తొమ్మిదికి బదులు ఏడు వేశాడు. మొత్తం 16.

సమానులైన ఇద్దరి మధ్య ముప్పైకి ఆరు మార్కుల తేడా వచ్చింది. ఏ ఒక్క జవాబుకు వేసిన మార్కునూ ఘోరమైన తప్పుగా చూపలేము. ప్రతిచోటా ఒకటో రెండో మార్కులే జరిగాయి. పునర్మూల్యాంకనంలోనూ ఇది బయటపడదు. ఎందుకంటే రెండో పరీక్షకుడు కూడా పత్రాన్ని మొదటి పుట నుంచే చదువుతాడు. పైగా మొదటివాడు వేసిన మార్కులు ఎదురుగా కనిపిస్తే, అవే అతడికి కొత్త పరివేషం.

ఎరిగిన గురువే సరిగా తూచగలడనే వాదం

ప్రత్యర్థుల వాదాలలో బలమైనది ఇది. విద్యార్థి గతం ఉత్త పుకారు కాదు, అతడి శక్తికి సాక్ష్యం. మూడు సెమిస్టర్లు చూసిన గురువు, ఒక్క రోజు రాసిన మూడు జవాబుల కంటే అతడి శక్తిని బాగా ఎరుగును. ఆ ఎరుకను దాచిపెట్టి గుడ్డిగా దిద్దడం సమాచారాన్ని పారవేయడమే కదా అని వారు అడుగుతారు.

గతం సాక్ష్యమే అన్నది నిజం. విద్యార్థి మొత్తం శక్తిని ఊహించవలసిన చోట, ఉదాహరణకు సిఫారసు లేఖ రాసేటప్పుడు, దానిని తప్పక వాడాలి. కానీ పరీక్ష మార్కు శక్తిని ఊహించడం కాదు. ఈ పత్రంలో ఏమి ఉన్నదో చెప్పడం. గతంలో చేసిన మంచి పనికి గతంలోనే మార్కులు వచ్చాయి. అవి మార్కుల జాబితాలో ఉన్నాయి, మొత్తంలో కలుస్తాయి. ఆ పనినే తలచుకొని ఇప్పటి జవాబుకు కలిపితే ఒకే పనికి రెండుసార్లు మార్కులు వేసినట్లు అవుతుంది. మొదటి సెమిస్టర్‌లో తప్పినవాడికి ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష పడుతుంది.

ఇంకొక నష్టమూ ఉంది. అనేక పరీక్షలు పెట్టడంలో ఉద్దేశం, ఒకదానిలో జరిగిన పొరపాటును మరొకటి సరిదిద్దుతుందని. ప్రతి మార్కూ ముందటి మార్కును చూసి వేస్తే, పది పరీక్షలు పెట్టినా అందులో స్వతంత్ర సాక్ష్యం ఒకటో రెండో మాత్రమే ఉంటుంది. ఎరిగిన గురువు తన ఎరుక నిజమని చెప్పడానికి చూపే మార్కులు కూడా ఆ ఎరుకతో వేసినవే అయితే, అది తన సాక్ష్యాన్ని తానే చెప్పుకోవడం.

మంచి విద్యార్థికి కూడా ఇది మేలు చేయదు. యతిస్థానం తప్పినప్పుడు అరమార్కుతో సరిపుచ్చితే, అతడు ఆ తప్పును తెలుసుకోడు. బలహీన విద్యార్థి కష్టపడి మెరుగైతే ఆ మెరుగు నమోదు కాదు. ఇంతకు ముందు ఎవరికి మంచి పేరు వచ్చిందన్నది కూడా చాలాసార్లు మాట తీరును బట్టి ఉంటుంది. సెమినార్‌లో గ్రాంథిక ఛాయ ఉన్న భాషలో ధారాళంగా మాట్లాడేవాడికి పాండిత్యం ఉన్నట్లు తోస్తుంది. తన మాండలికంలో ఆగి ఆగి మాట్లాడేవాడికి అది లేనట్లు తోస్తుంది. ఆ తోపుడు రాత పరీక్షలోకి ప్రవహిస్తే, మాండలికాల గౌరవాన్ని పాఠంగా చెప్పే శాఖ దానిని మార్కులలో తానే తగ్గించినట్లు అవుతుంది.

దిద్దే క్రమం

నలభై మంది ఉన్న తరగతిలో మూడు ప్రశ్నల అంతర్గత పరీక్షకు ఈ క్రమాన్ని ప్రతిపాదించవచ్చు. ఇందులో యంత్రం గానీ ఖర్చు గానీ అవసరం లేదు.

విద్యార్థి జవాబుపత్రం మీద పేరూ రోల్ నంబరూ రాయడు. కార్యాలయం ఇచ్చిన సంఖ్య మాత్రమే వేస్తాడు. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే చీటీ దిద్దని అధ్యాపకుడి దగ్గర గానీ కార్యాలయంలో గానీ ఉంటుంది. ప్రతి జవాబూ కొత్త పుట మీద మొదలుపెట్టాలని ప్రశ్నపత్రంలోనే చెప్పాలి. ఈ చిన్న నియమం లేకపోతే తర్వాతి మెట్లు సాగవు. ముందటి జవాబు కంటబడుతూనే ఉంటుంది.

పత్రాలు తెరవకముందే ప్రతి ప్రశ్నకూ మార్కుల పంపకం రాసుకోవాలి. అక్షరరమ్యత ప్రశ్నకు, భావనను నిర్వచించినందుకు రెండు, కనీసం రెండు ఉదాహరణలకు నాలుగు, ఉదాహరణలో శబ్దం అర్థానికి ఎలా తోడ్పడిందో చూపినందుకు నాలుగు అనుకోవచ్చు. ఉదాహరణ లేకపోతే ఆ నాలుగు మార్కులు ఎవరికీ రావు. 'అతడికి తెలిసే ఉంటుంది' అనే ఊహకు ఇక్కడే అడ్డుకట్ట పడుతుంది. అయిదారు పత్రాలు మార్కులు వేయకుండా చదివి, పంపకంలో లోపముంటే అప్పుడే సవరించుకోవాలి. దిద్దడం మొదలైన తర్వాత సవరిస్తే, మొదటి నుంచీ మళ్లీ దిద్దాలి.

తర్వాత నలభై మంది మొదటి జవాబులనూ వరుసగా దిద్దాలి. మార్కును పత్రం మీద కాక, ఆ ప్రశ్నకు కేటాయించిన వేరే కాగితం మీద సంఖ్యకు ఎదురుగా వేయాలి. పత్రం మీద వ్యాఖ్యలు కూడా ఆఖరున రాయాలి. అంచున రాసిన 'బాగుంది' అనే ఒక్క మాట తర్వాతి ప్రశ్నకు వచ్చినప్పుడు మార్కు చేసే పనే చేస్తుంది. మొదటి ప్రశ్న పూర్తయ్యాక ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, పత్రాల కట్టను కలిపి వరుస మార్చి, రెండో ప్రశ్నకు వెళ్లాలి. వరుస మార్చడం ఎందుకంటే, చాలా మంచి జవాబు వెంట వచ్చే సాధారణ జవాబు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. వరుస మారకపోతే ఆ దురదృష్టం మూడు ప్రశ్నలలోనూ ఒకే విద్యార్థికి పడుతుంది. ఒక ప్రశ్న ముగిసిన తర్వాత మొదట దిద్దిన అయిదు జవాబులు మళ్లీ చదవాలి. కొలత దారిలో జారి ఉంటే అక్కడ తెలుస్తుంది.

మూడు కాగితాలూ పూర్తయ్యాకే మొత్తం కూడాలి. ఆ తర్వాతే చీటీ తెరవాలి. పేర్లు తెలిసిన తర్వాత మార్కు మార్చడానికి వీలులేదు. తప్పనిసరి అయితే కారణం రాతపూర్వకంగా నమోదు చేసి మరొక అధ్యాపకుడి చేత ఆ జవాబును పేరు లేకుండా చదివించాలి. 'ఈ అమ్మాయికి ఇంత తక్కువ రాకూడదే' అనిపించే క్షణమే పరివేషం తిరిగి వచ్చే క్షణం.

సమయం చాలదనే అభ్యంతరాన్ని లెక్కతోనే చూడాలి. పత్రం వెంట పత్రం దిద్దితే కట్టను నలభైసార్లు తెరవాలి. ప్రశ్న వెంట ప్రశ్న దిద్దితే నూట ఇరవైసార్లు తెరవాలి. అదనంగా తెరిచే ఎనభైసార్లకూ అర నిమిషం చొప్పున వేసుకున్నా నలభై నిమిషాలు. పదిహేను జవాబులను మళ్లీ చదవడానికి మరొక గంట. ఒకే ప్రశ్న మీద మనసు నిలిచి ఉండటం వల్ల చదివే వేగం పెరిగి, ఇందులో కొంత తిరిగి వస్తుంది.

పేరు దాచలేని చోట్లు

ఈ క్రమం అన్నిచోట్లా సాగదు. పన్నెండు మంది ఉన్న తరగతిలో దస్తూరి చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. అక్కడ పేరు దాచడం నామమాత్రం. అయినా ప్రశ్నవారీగా దిద్దడం, వేరు కాగితం, ముందే రాసుకున్న పంపకం పనిచేస్తాయి. దగ్గరి కళాశాల తెలుగు శాఖతో కట్టలు మార్చుకోవడం ఇంకా మేలు. అసైన్‌మెంట్లు టైపు చేసి ఇవ్వమంటే దస్తూరి సమస్య కొంత తగ్గుతుంది. కానీ విద్యార్థి అంశాన్ని ముందే అధ్యాపకుడితో చర్చించి ఉంటే టైపు కూడా దాచలేదు.

సెమినార్‌లోనూ మౌఖిక పరీక్షలోనూ ముఖం ఎదురుగానే ఉంటుంది. అక్కడ చేయదగినవి రెండు. ఒకటి, ఇద్దరు పరీక్షకులు పరస్పరం మాట్లాడుకోకముందే తమ తమ మార్కులు రాసి మూసివేయాలి. మొదట పెద్ద ఆచార్యులు 'కుర్రవాడు బాగా చెప్పాడు' అన్న తర్వాత పక్కవారు వేసే మార్కు రెండో అభిప్రాయం కాదు, మొదటిదాని ప్రతిధ్వని. రెండు, మార్కు వేసే ముందు దానికి ఆధారమైన మాటలు రాయాలి. విద్యార్థి ఏ గ్రంథాన్ని ప్రస్తావించాడు, ఏ ప్రశ్నకు ఏ జవాబు ఇచ్చాడు అని రెండు మూడు వాక్యాలు రాయవలసి వస్తే, ఆధారం లేని మెప్పు కాగితం మీద ఖాళీగా కనిపిస్తుంది. సెమినార్ మార్కులు వేసిన అధ్యాపకుడికి అదే తరగతి రాత పరీక్ష కట్ట ఇవ్వకపోవడం అన్నిటికంటే సులభమైన నియమం. మలూఫ్ ప్రయోగం చూపిన దారిని అది మూసివేస్తుంది.

దోషం ఉన్నదో లేదో శాఖ తనకు తానే పరీక్షించుకోవచ్చు. ఒకే విద్యార్థికి అన్ని ప్రశ్నలలోనూ దగ్గర దగ్గర మార్కులు రావడం ఒక్కటే రుజువు కాదు. నిజంగా అంతటా బాగా రాసేవారు ఉంటారు. అందువల్ల పోల్చి చూడాలి. ఇదివరకే దిద్దిన ఇరవై పత్రాల నకళ్లు తీసి, పాత మార్కులు కనబడకుండా, మరొక అధ్యాపకుడి చేత ప్రశ్నవారీగా దిద్దించాలి. పాత పద్ధతిలో విద్యార్థుల మార్కులు ప్రశ్న ప్రశ్నకూ ఒకే మట్టంలో నిలిచి, కొత్త పద్ధతిలో ఎక్కువ తక్కువలు పెరిగితే, ఆ మట్టం జవాబులలోనిది కాదు. మారినది మనిషా, పద్ధతా అన్న సందేహం రాకుండా, అదే అధ్యాపకుడు మరో ఇరవై పత్రాలను పాత పద్ధతిలో దిద్ది చూడాలి. అలాగే పాత మార్కులు కొత్త వాటికంటే ఎవరికి ఎక్కువగా ఉన్నాయో చూడాలి. గత సెమిస్టర్‌లో ముందున్నవారికే అవి వరుసగా ఎక్కువ ఉంటే, మంచి పేరుకు మళ్లీ మార్కులు పడ్డాయన్నమాట.

ముగింపు

పరివేష దోషాన్ని పూర్తిగా తొలగించే పద్ధతి లేదు. ఒక్క జవాబులోనే మొదటి పేరా చివరి పేరా మీద వెలుగు వేస్తుంది. ప్రశ్నవారీ పద్ధతి కూడా దానిని ఆపలేదు. ముందే రాసుకున్న పంపకం కొంతవరకే అదుపు చేస్తుంది. అయితే ఒక జవాబు నుంచి మరొక జవాబుకు, ఒక పరీక్ష నుంచి మరొక పరీక్షకు, ప్రసంగం నుంచి రాతకు ప్రవహించే దోషాన్ని గంటా నలభై నిమిషాలకు మించని అదనపు శ్రమ, ఒక చీటీ, మూడు కాగితాలు చాలావరకు ఆపగలవు. ఇంత తక్కువతో ఆపగలిగిన దోషాన్ని అనుభవం పేరుతో కొనసాగించడానికి సమర్థన లేదు. అంతర్గత పరీక్షలకు సంఖ్య వేయడం, ప్రశ్నవారీగా దిద్దడం, సెమినార్ మార్కులు వేసినవారికి రాత కట్ట ఇవ్వకపోవడం అనే మూడు నియమాలను తెలుగు శాఖల పాఠ్య నిర్ణాయక మండలులు వచ్చే సెమిస్టర్ నుంచే అమలు చేయవచ్చు. విద్యార్థి రాసిన దానికి మార్కు వేయాలి. అతడి గురించి అనుకున్న దానికి కాదు.